కొత్త గుమాస్తాలకిచ్చే ఆ నాలుగు పేజీల కాగితం గురించి కోల్డ్ స్టోరేజీల వారికి బహిరంగ లేఖ

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల యజమానులకు, మేనేజర్లకు నమస్కారం.

నెల మారగానే మీరు పంపే స్టాకు షీట్లన్నీ ఒకచోట కూర్చి, ఏ రకం ఎన్ని బస్తాలు లోపలున్నాయో తేల్చే పని నాది. ఏటుకూరు రోడ్డు నుంచి ఒక షీటు వస్తుంది, నరసరావుపేట రోడ్డు నుంచి ఒకటి, పేరేచర్ల వైపు నుంచి మరొకటి. మీలో చాలామందికి నా గొంతు తెలుసు. నెల మొదట్లో ఫోన్ చేసి "మీ ముగింపు నిల్వ పోయిన నెలతో కలవడం లేదండీ" అనేది నేనే.

సీజన్‌కు ముందు చేరే కొత్త గుమాస్తాలకు శిక్షణలో పంచడానికి మీరంతా కలిసి ఒక కాగితం తయారు చేయిస్తున్నారని తెలిసి సంతోషించాను. దాని ముసాయిదా ఒకరు నాకు వాట్సాప్‌లో పంపారు. మొదటి పేజీలో ఫైలు ఎలా తెరవాలి, ఎలా సేవ్ చేయాలి, ఏ తేదీలోపు పంపాలి అని ఉంది. రెండో పేజీలో ఏ గడిలో ఏం రాయాలో ఉంది. మిగతా రెండు పేజీల్లో "శ్రద్ధగా నింపవలెను", "తప్పులు లేకుండా చూడవలెను" అన్న మాటలే అటూ ఇటూ తిరిగి వచ్చాయి.

ఇక్కడే నా అభ్యంతరం. నాకు వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం శ్రద్ధగా చేసినవే. కుర్రాడు రిజిస్టర్ ముందు పెట్టుకుని, వేలు పెట్టి చూసుకుంటూ, ఒక్క అంకె పోకుండా ఎక్కించి ఉంటాడు. కానీ అతను ఒక పద్ధతిలో, పక్క స్టోరేజీ అమ్మాయి ఇంకో పద్ధతిలో ఎక్కిస్తారు. విడివిడిగా చూస్తే ఇద్దరిదీ ఒప్పే. కలిపితే లెక్క తప్పు. ఏ పద్ధతిలో ఎక్కించాలో మీ కాగితం చెప్పకపోతే ఎంత శ్రద్ధ ఉన్నా లాభం లేదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే తేదీల సంగతి ముందు చెబుతాను. ఒక స్టోరేజీ నుంచి 2025 మార్చి షీటు వచ్చిందనుకోండి. ఇది నిజంగా జరిగే వ్యవహారమే, అంకెలు మాత్రం మార్చి చెబుతున్నాను. నెలంతా లారీలు దిగాయి, రిజిస్టర్ ప్రకారం రాబడి పద్దెనిమిది వేల బస్తాల పైమాట. నా షీట్లో మార్చి నెల మొత్తం తీసే ఫార్ములా ఇది:

```
=SUMIFS(E:E,B:B,">="&DATE(2025,3,1),B:B,"<="&DATE(2025,3,31))
```

జవాబు 640 వచ్చింది. పద్దెనిమిది వేలు ఉండాల్సిన చోట 640. గుమాస్తాకు ఫోన్ చేస్తే పాపం అతను రిజిస్టర్ ఫోటోలన్నీ పంపాడు. అన్నీ కరెక్టే. షీట్లో కూడా 04/03/2025, 13/03/2025 అని రిజిస్టర్లో ఉన్నట్టే కొట్టాడు.

తేడా అతను కూర్చున్న కంప్యూటర్‌లో ఉంది. ఎక్సెల్ తేదీని తేదీగా దాచుకోదు, ఒక వరుస సంఖ్యగా దాచుకుంటుంది. 1900 జనవరి 1కి ఒకటితో మొదలుపెట్టి లెక్కిస్తే 2025 ఏప్రిల్ 1 దానికి 45748. మనం కొట్టిన అక్షరాలను ఏ సంఖ్యగా మార్చాలో అది విండోస్‌లో పెట్టుకున్న ప్రాంతాన్ని బట్టి నిర్ణయించుకుంటుంది. ప్రాంతం ఇండియా అని ఉంటే 04/03 మార్చి నాలుగు. అమెరికా అని ఉంటే అదే ఏప్రిల్ మూడు. కొత్తగా కొన్న కంప్యూటర్, లేదా ఫార్మాట్ చేయించి తెచ్చిన పాతది, చాలాసార్లు అమెరికా సెట్టింగ్‌తోనే మీ టేబుల్ మీదికి వస్తుంది. ఎవరూ చూడరు.

అలాంటి కంప్యూటర్‌లో మార్చి నెల ఎక్కిస్తే ఏమవుతుందో చూడండి. మార్చి ఒకటి జనవరి మూడు అవుతుంది. మార్చి రెండు ఫిబ్రవరి మూడు. అలా పన్నెండో తారీఖు దాకా సరుకంతా ఒక్కో నెలలో మూడో తారీఖున కూర్చుంటుంది, మార్చి పన్నెండు డిసెంబరు మూడుగా మారి ఇంకా రాని నెలలోకి వెళ్లిపోతుంది. సరిగ్గా పడేది మార్చి మూడు ఒక్కటే, ఎందుకంటే అటు తిప్పినా ఇటు తిప్పినా అది 03/03. నా 640 బస్తాలు ఆ రోజువే. ఇక 13 నుంచి 31 దాకా? పదమూడో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా ఒప్పుకోదు, ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. ఏ నెల మొత్తంలోనూ ఆ సరుకు కలవదు. ఇంత జరిగినా ఎక్సెల్ ఒక్క హెచ్చరిక కూడా చూపించదు.

కనిపెట్టడం మాత్రం తేలికే. ఎక్సెల్ తేదీని గడిలో కుడివైపుకు నెడుతుంది, అక్షరాలను ఎడమవైపుకు. ఒకే నిలువు వరుసలో పై తేదీలు కుడికి, కింది తేదీలు ఎడమకు ఉన్నాయంటే వ్యవహారం ఇదే. కానీ మన గుమాస్తాలకు షీటు అందంగా కనిపించాలని తేదీల వరుసంతా మధ్యకు తెచ్చే అలవాటు ఉంది. దాంతో ఉన్న ఒక్క గుర్తూ పోతుంది. తేదీల వరుసను మధ్యకు జరపకూడదు అని కాగితంలో ఒక వాక్యం వేయించండి. అప్పటికే జరిపి ఉంటే పక్క గడిలో `=ISNUMBER(B2)` అని కొట్టి కిందికి లాగమనండి. FALSE అని వచ్చిన ప్రతి వరుసా ఎక్సెల్ లెక్కలో తేదీ కాదు.

బాగు చేసే దారి కూడా ఉంది. షీటు మొత్తం ఒకే తప్పు సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో కొట్టిందని ఖాయమైతే, రోజునూ నెలనూ అటూ ఇటూ మార్చి, అక్షరాలుగా మిగిలినవాటిని ముక్కలు చేసి మళ్లీ తేదీగా కట్టొచ్చు:

```
=IF(ISNUMBER(B2),DATE(YEAR(B2),DAY(B2),MONTH(B2)),
 DATE(RIGHT(B2,4),MID(B2,4,2),LEFT(B2,2)))
```

కానీ సగం ఒక కంప్యూటర్‌లో, సగం ఇంకో కంప్యూటర్‌లో కొట్టి ఉంటే దీన్ని గుడ్డిగా లాగొద్దు, మంచి తేదీలను కూడా తిప్పేస్తుంది. అప్పుడు అది ఒక్క నెల షీటు కావడమే మనకు రక్ష. మార్చి షీట్లో నెల మార్చిగా కనిపిస్తే అలాగే ఉంచి, వేరే నెల మూడో తారీఖుగా కనిపించినవాటిని మాత్రమే తిప్పాలి. అదే సీజన్ మొత్తానికి కలిపి ఒకే షీటు నడిపే చోట ఏప్రిల్ మూడు నిజమైన ఏప్రిల్ మూడో, తిరగబడ్డ మార్చి నాలుగో ఏ ఫార్ములా చెప్పలేదు. రిజిస్టర్ తీసి వరుస వరుసా సరిచూడడం తప్ప గతి లేదు. మీలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ అలా సీజన్ షీటే నడుపుతున్నారు. దయచేసి నెలకొక షీటు చేయండి.

ఇదంతా గుమాస్తాకు నేర్పనక్కర్లేదు. కాగితంలో మూడు మాటలు చాలు. మొదటి రోజు కంప్యూటర్‌లో Regional format ఇండియా అని ఉందో లేదో మేనేజర్ గారే చూడాలి. తేదీని 4-mar-2025 అని నెల పేరుతో కొట్టాలి, అలా కొడితే ఇండియా, అమెరికా ఏ సెట్టింగ్‌లోనైనా అది మార్చి నాలుగే. తేదీల వరుసకు Data Validation పెట్టి, ఆ నెల ఒకటో తారీఖు నుంచి ఆఖరు తారీఖు దాకా తప్ప ఇంకేదీ తీసుకోకుండా చేయాలి. దీనికి ఒక లొసుగు ఉంది. చేత్తో కొట్టినవాటినే అది ఆపుతుంది, వేరే షీటు నుంచి కాపీ చేసి పేస్టు చేస్తే అడ్డు చెప్పదు. అందుకే పంపే ముందు Circle Invalid Data ఒకసారి నొక్కమనండి. హద్దు దాటిన గడుల చుట్టూ ఎర్ర గీత పడుతుంది.

రెండోది, ఏమీ లేనప్పుడు గడిలో ఏం రాయాలన్నది. మీ కాగితం దీని గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. ఫలితంగా నాకు నాలుగు రకాలుగా వస్తోంది. ఒకరు ఖాళీ వదులుతారు, ఒకరు సున్నా కొడతారు, ఒకరు అడ్డగీత గీస్తారు, ఒకరు "నిల్" అంటారు.

అడ్డగీత వల్ల ఎంత చిక్కొస్తుందో చెబుతాను. ఒక షీట్లో తేజ తాలు వరుస తీసుకుందాం. ప్రారంభ నిల్వ 1,840 బస్తాలు, ఆ నెల రాబడి లేదు కాబట్టి అడ్డగీత, బయటికి వెళ్లినవి 120. ముగింపు గడిలో `=C5+D5-E5` అని ఫార్ములా ఉంటుంది. అడ్డగీత అంకె కాదు కాబట్టి అక్కడ `#VALUE!` అని పడుతుంది. కొత్త గుమాస్తాకు టెన్షన్. సార్‌ను అడిగితే తిడతారేమోనని కాలిక్యులేటర్ తీసి 1,720 అని లెక్కగట్టి, ఆ ఫార్ములా మీదే 1720 కొట్టేస్తాడు. ఆ నెలకు లెక్క సరిగ్గానే ఉంది. ఎవరూ పట్టుకోలేరు.

వచ్చే నెల షీటు కొత్తగా ఎవరూ తయారు చేయరు కదా. పాతదాన్నే వేరే పేరుతో సేవ్ చేసి అంకెలు మారుస్తారు. ఈసారి ప్రారంభం 1,720, రాబడి సున్నా, వెళ్లినవి 300. ముగింపు 1,420 చూపాలి. కానీ అక్కడ ఫార్ములా లేదు, కొట్టిన అంకె ఉంది. కాబట్టి మళ్లీ 1,720. ఆ మరుసటి నెలా 1,720. సరుకు బయటికి వెళ్తూనే ఉంటుంది, కాగితం మీద తాలు నిల్వ కదలదు. ఈ నెల ప్రారంభం పోయిన నెల ముగింపుతో కలుస్తుందా అని నేను చూసే పరీక్షలో కూడా ఇది నెగ్గుతుంది, ఎందుకంటే రెండు చోట్లా అదే తప్పు అంకె. చివరికి గదిలో బస్తాలు లెక్కపెట్టిన రోజునే బయటపడుతుంది. అప్పుడు అందరి చూపూ పడేది వాచ్‌మన్ మీద.

పంపే ముందు కీబోర్డు మీద Ctrl పట్టుకుని 1 అంకెకు ఎడమ పక్కనున్న గుర్తు నొక్కితే షీట్లో ఫార్ములాలన్నీ బయటికి కనిపిస్తాయి. ముగింపు వరుసలో ఫార్ములాల మధ్య ఎక్కడైనా ఉత్త అంకె ఉంటే అక్కడ ఎవరో చేయి పెట్టారని తెలిసిపోతుంది. అసలు చేయి పెట్టే అవకాశమే లేకుండా ఆ గడులకు మాత్రమే తాళం ఉంచి, నింపాల్సిన గడులకు తాళం తీసి, Protect Sheet పెట్టి ఇవ్వడం ఇంకా మేలు. పాస్‌వర్డ్ మేనేజర్ దగ్గరుంటే చాలు.

ఖాళీకీ సున్నాకీ తేడా ఇంకా ముఖ్యం. ఖాళీ గడిని కూడికలో ఎక్సెల్ సున్నాగానే తీసుకుంటుంది కాబట్టి ఫార్ములా ఆగదు, ముగింపు నిల్వ చక్కగా వస్తుంది. అక్కడే మోసం. సరుకు నిజంగా కదల్లేదా, లేక రెండో ఛాంబర్ రిజిస్టర్ ఇంకా ఆఫీసుకు రాలేదా? షీటు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నాకు ఫోన్ చేయక తప్పదు. కాబట్టి ఒక నియమం పెట్టండి: రిజిస్టర్ చూశాను, ఏమీ లేదు అంటే సున్నా. రిజిస్టర్ ఇంకా చూడలేదు అంటే ఖాళీ, ఆ వరుస చివర రిమార్కుల్లో "రిజిస్టర్ రాలేదు" అని రాయాలి. ఖాళీ వదలడం తప్పు కాదని కొత్తవాళ్లకు ఖచ్చితంగా చెప్పండి. ఖాళీ కనిపిస్తే తిడతారన్న భయంతోనే తెలియనిచోట కూడా సున్నా కొట్టేస్తారు. నాకు అది అన్నింటికంటే చెడ్డ సున్నా.

ఇక బస్తాలు, క్వింటాళ్ల గొడవ. మీ షీట్లో "వెళ్లిన సరుకు" అని శీర్షిక ఉంది, దేనిలో కొలవాలో లేదు. మీ అందరికీ అది టిక్కీల్లో, అంటే బస్తాల్లోనేనని తెలుసు, అద్దె టిక్కీకే కదా తీసుకుంటారు. కొత్త కుర్రాడికి ఎలా తెలుస్తుంది? అతని చేతికి వచ్చే కాటా చీటీలో కిలోలుంటాయి, యార్డులో ధర క్వింటాలుకు పలుకుతుంది, సరుకు తీసుకెళ్లే వ్యాపారి మాట్లాడేదీ క్వింటాళ్లలోనే. 450 బస్తాలు, బస్తా 42 కిలోల చొప్పున, 189 క్వింటాళ్లు. ప్రారంభ నిల్వ 12,400 ఉన్న వరుసలో 450కి బదులు 189 తీసేస్తే 11,950 ఉండాల్సింది 12,211 అవుతుంది. 261 బస్తాలు కాగితం మీద మాత్రమే మిగిలిపోతాయి. 189 అన్న అంకె చూసి ఎవరికీ అనుమానం రాదు, ఒక లారీ వెళ్లినట్టే ఉంటుంది. అదే అసలు ఇబ్బంది.

రెండు నిలువు వరుసలు పెట్టండి, ఒకటి బస్తాలకు, ఒకటి క్వింటాళ్లకు. నిల్వ లెక్క బస్తాల్లోనే నడవాలి, ఎందుకంటే తూకంలో కాస్త హెచ్చుతగ్గులు ఎప్పుడూ ఉంటాయి, సంచుల లెక్కలో ఉండకూడదు. క్వింటాళ్లు సరిచూసుకోవడానికి మాత్రమే. మూడో గడిలో `=F5*100/E5` అని వేస్తే ఒక్కో బస్తా సగటు తూకం వస్తుంది. మన మిర్చి బస్తా మామూలుగా 40, 45 కిలోల మధ్య ఉంటుంది. రకాన్ని బట్టి, తొక్కి నింపడాన్ని బట్టి కాస్త మారుతుంది కాబట్టి 35కు తగ్గినా 50 దాటినా గడి ఎర్రగా మారేలా పెట్టుకుంటే సరిపోతుంది. రెండు చోట్లా 189 కొట్టినవాడికి బస్తా 100 కిలోలని కనిపిస్తుంది, వెంటనే నాలుక కరుచుకుంటాడు. అంకె పక్కన "బస్తాలు" అని మాత్రం రాయనివ్వకండి. 450 బస్తాలు అని గడిలో కొడితే అది ఎక్సెల్‌కు వాక్యం, అంకె కాదు. మొత్తంలో కలవదు.

ఏ తారీఖు అన్నది ఇంకో చిక్కు, ఇది కంప్యూటర్‌ది కాదు, మనదే. మార్చి 31 రాత్రి లారీ గేటు దాటి లోపలికి వచ్చింది. గేటు రిజిస్టర్లో 31. కాటా చీటీ మీదా 31. హమాలీలు పొద్దున వచ్చి దించారు, సరుకు ముట్టినట్టు మీరిచ్చే బాండు రాసింది ఏప్రిల్ 1న. ఈ సరుకు ఏ నెలది? కొందరు గేటు తారీఖు పట్టుకుంటారు, కొందరు బాండు తారీఖు. ఒక స్టోరేజీ నుంచి ఇంకో స్టోరేజీకి సరుకు మారినప్పుడు ఇది నా నెత్తిన పడుతుంది. పంపినవారు మార్చిలోనే తీసేశారు, తీసుకున్నవారు ఏప్రిల్లో రాశారు. ఆ లారీలో 300 బస్తాలుంటే, మార్చి ఆఖరుకు అవి ఎవరి లెక్కలోనూ లేవు. పంపినవారు ఆలస్యంగా, తీసుకున్నవారు ముందుగా రాస్తే ఇద్దరి దగ్గరా ఉన్నట్టు కనిపిస్తాయి.

నా ఓటు లోపలికి వచ్చేదానికి బాండు తారీఖు, బయటికి వెళ్లేదానికి గేటు పాసు తారీఖు. బాండు రాసిన తర్వాతే ఆ సరుకుకు మీరు పూచీ, కాబట్టి నిల్వలో అప్పుడే చేరాలి. నెలాఖరు రాత్రి ఆవరణలో దించని లారీలు ఉంటే రిమార్కుల్లో "లారీ మీద 300" అని ఒక మాట రాస్తే నేను నా కూడికలో విడిగా చూపించుకుంటాను. మీకు వేరే పద్ధతి నచ్చితే అదే పెట్టండి, నాకు పట్టింపు లేదు. అందరూ ఒకటే పాటించాలి, అది కాగితంలో అచ్చు పడాలి. ఇప్పుడున్న కాగితంలో "తేదీ" అన్న శీర్షిక మాత్రమే ఉంది.

రకాల పేర్ల గురించి కాస్త తక్కువగానే చెబుతాను, దీని మీద మనం ఫోన్లో చాలాసార్లే వాదించుకున్నాం. తేజను తేజా అనీ, దేవనూరు డీలక్స్‌ను డీడీ అనీ ఎవరికి తోచినట్టు వారు రాస్తే నా దగ్గర ఒకే రకం రెండు మూడు వరుసలుగా చీలిపోతుంది. జాబితా ఒకటి గీసి, గడిలో దాన్నుంచే ఎంచుకునేలా చేయడం ఎలాగో మీలో చాలామందికి తెలుసు. తెలియని ముక్క ఒకటుంది. 334, 341, 273 లాంటి రకాలు మనకు పేర్లు, ఎక్సెల్‌కు మాత్రం అంకెలు. ఒక షీట్లో 334 అంకెగా, ఇంకో షీట్లో అక్షరాలుగా వస్తే కంటికి రెండూ ఒకటే. SUMIF కూడా రెంటినీ కలిపేస్తుంది. పివట్ టేబుల్ మాత్రం రెండు 334లు చూపిస్తుంది, VLOOKUP వాటిలో ఒకదాన్ని దొరకలేదంటుంది. ఒకే షీటు మీద రెండు పద్ధతుల్లో రెండు మొత్తాలు వస్తే ఏది నమ్మాలి? అందుకని అంకెల పేర్ల ముందు ఒక అక్షరం తగిలించండి: M334, M341, M273. ఇక అది ఎప్పటికీ పేరే. "ఇతరాలు" అన్న వరుస ఉంచొచ్చు గానీ, అందులో వేసిన ప్రతిదానికీ రిమార్కుల్లో రైతు చెప్పిన పేరు రాయమనండి. లేకపోతే పని తొందరలో సగం సరుకు అందులోకే పోతుంది.

ఆఖరుది, పంపేసిన షీటును మళ్లీ ముట్టుకోవడం. ఏప్రిల్ 10న మార్చికి చెందిన ఒక చీటీ సొరుగులో దొరికింది. మంచి గుమాస్తా ఏం చేస్తాడు? మార్చి షీటు తెరిచి ఆ వరుస చేర్చి, అదే పేరుతో సేవ్ చేసి నిశ్చింతగా ఉంటాడు. నా దగ్గర పాత మార్చి, అతని దగ్గర కొత్త మార్చి. వచ్చే నెల ప్రారంభ నిల్వ నా ముగింపుతో కలవదు, ఎందుకు కలవలేదో అతనికి కూడా అప్పటికి గుర్తుండదు. పంపిన నెల మూసేసినట్టే. దొరికిన చీటీని ఈ నెల షీట్లో "సవరణ" అని వేరే వరుస పెట్టి అందులో కూడికో తీసివేతో చేయాలి, పక్కనే ఏ నెల చీటీ, బాండు నంబరెంత అని రాయాలి. రాబడి వరుసలో కలపకూడదు. కలిపితే ఏప్రిల్లో లేని సరుకు ఏప్రిల్లో వచ్చినట్టు అవుతుంది, పైగా ఆ తేదీని మనం పెట్టిన హద్దు తీసుకోదు కూడా. అప్పుడు గుమాస్తా తేదీనే మార్చేసి కొడతాడు. నేను చూశాను.

ఇవన్నీ కాగితంలోకి ఎక్కించాలంటే నాలుగు పేజీలు చాలవని మీరు అనొచ్చు. చాలుతాయి. ఫైలు తెరవడం, సేవ్ చేయడం మొదటి రోజు పక్కన కూర్చుని చూపిస్తే వచ్చేస్తుంది, దానికి పేజీ అక్కర్లేదు. "శ్రద్ధగా" అన్న పేజీలు రెండూ తీసేయండి. వాటి చోట ఒకవైపు సరిగ్గా నింపిన ఒక నెల షీటు అచ్చు వేసి, ఒక్కో గడి పక్కన అక్కడ ఏం రాయాలో, ఏం రాయకూడదో చిన్న అక్షరాల్లో పెట్టండి. రెండోవైపు కావాలని తప్పులు పెట్టిన షీటు వేయండి. ఎడమకు జరిగిన తేదీలు, 100 కిలోల బస్తా, అడ్డగీత, ఫార్ములా చచ్చిపోయిన ముగింపు గడి, "450 బస్తాలు", అన్నీ అందులో ఉండాలి. శిక్షణలో మాట్లాడే సమయం తగ్గించి ఆ షీటును కంప్యూటర్‌లో తెరిచి ఇచ్చి, ఎవరికి ఎన్ని దొరికాయో చూడండి. దొరకనివి ఏవో చూస్తే ఆ మనిషికి ఇంకా ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది.

అలాంటి తప్పుల షీటు ఒకటి పేర్లు, స్టోరేజీ వివరాలు తీసేసి నేను సిద్ధం చేసి ఉంచాను. తాళాలు, హద్దులు పెట్టిన ఖాళీ నెల షీటు కూడా ఉంది. మీ తరఫున ఎవరైనా ఒకరు ఒక మధ్యాహ్నం కూర్చుంటే బాండు తారీఖా, గేటు తారీఖా అన్నది, రకాల జాబితా, ఈ రెండూ తేల్చుకుని అచ్చుకు ఇచ్చేయవచ్చు. ఇది జనవరిలో అయిపోతే మంచిది. ఫిబ్రవరి దాటి లారీలు వరుస కట్టాయంటే గుమాస్తాకు భోజనానికి లేచే తీరికే ఉండదు, శిక్షణకు ఎవరూ పంపరు. యార్డుకు వేసవి సెలవులిచ్చే దాకా మళ్లీ మనం ఫోన్లలోనే మాట్లాడుకోవాలి.

ఇట్లు,
మీ షీట్లు కూర్చే గుమాస్తా,
గుంటూరు